మైనపు ముఖానికి మరమ్మతు



పాతపట్నంలో ఫోటో స్టూడియో నడిపేవాళ్ళకి పెళ్ళిళ్ళ తర్వాత ఎక్కువగా వచ్చే పని పెద్దల ఫోటోలది. ఇంట్లో పెద్దాయన కాలం చేస్తే, కర్మకాండల లోపే ఫ్రేము కట్టించిన ఫోటో కావాలి. పక్కనున్న పర్లాకిమిడి నుంచి కూడా ఈ పని మీద వస్తుంటారు. ఒకప్పుడు పాత నెగటివో, పింఛను కాగితాలకి దిగిన పాస్‌పోర్టు ఫోటోనో తెచ్చేవారు. ఇప్పుడు నేరుగా ఫోనే చేతిలో పెడతారు. అందులో ఉండేది చాలాసార్లు రాత్రిపూట తీసిన ఫోటో. ఏదో పెళ్ళి పందిట్లో తీసిందో, నీలమణి దుర్గమ్మ గుడి దగ్గర దీపాల వెలుగులో తీసిందో అయి ఉంటుంది. ఫోన్ తెర మీద బాగానే కనిపిస్తుంది. కంప్యూటర్లో వేసి పెద్దది చేయగానే బుగ్గలు మైనం పూసినట్టు నున్నగా, మీసం, కనుబొమలు, ముడతలు మాత్రం గరుగ్గా, పెన్నుతో గీసినట్టుగా తేలతాయి.

ఈ మైనాన్నీ ఈ గరుకునీ ఎంతవరకు సరిచేయొచ్చు, ఏ వరసలో చేయాలి, ఎక్కడ ఆపాలి అన్నదే ఈరోజు ప్రసంగం. ముందు ఫోన్ ఏం చేసిందో తెలిస్తే మనం ఏం చేయాలో తెలుస్తుంది.

నైట్ మోడ్‌లో బటన్ నొక్కితే ఫోన్ ఒక్క ఫోటో తీసి ఊరుకోదు. వరసగా చాలా ఫోటోలు తీసి, ఒకదాని మీద ఒకటి సర్ది, సగటు కడుతుంది. 2013లో గూగుల్ వాళ్ళు నెక్సస్ 5 ఫోన్లో హెచ్‌డీఆర్ ప్లస్ పేరుతో తెచ్చిన పద్ధతి ఇది. 2016లో ఆ ఇంజనీర్లే దాని లోగుట్టు పరిశోధనా పత్రంగా ప్రచురించారు. 2018లో పిక్సెల్ ఫోన్లకి నైట్ సైట్ వచ్చింది. మిగతా కంపెనీలూ ఇదే దారి పట్టాయి.

సగటు ఎందుకంటే, తక్కువ వెలుగులో తీసిన ప్రతి ఫోటోలోనూ రవ్వలాంటి నాయిస్ ఉంటుంది. ఆ రవ్వ ఒక్కో ఫోటోలో ఒక్కో చోట పడుతుంది కాబట్టి, తొమ్మిది ఫోటోలు సగటు చేస్తే నాయిస్ మూడో వంతుకి దిగుతుంది. ఇంతవరకు ఏ నష్టమూ లేదు. చర్మం మీది గీతలు అన్ని ఫోటోల్లోనూ ఒకే చోట ఉంటాయి కాబట్టి అవి చెరిగిపోవు.

చిక్కల్లా మనిషి కదలడంతో వస్తుంది. గోడ కదలదు, పందిరి రాట కదలదు. మనిషి తల తిప్పుతాడు, నవ్వుతాడు, రెప్ప వేస్తాడు. కదిలిన చోట ఫోటోలు ఒకదానికొకటి సరిపోవు కాబట్టి ఫోన్ అక్కడ మిగతావి వదిలేసి, ఒకటి రెండు ఫోటోలతోనే సరిపెట్టుకుంటుంది. అప్పుడు ముఖం మీద నాయిస్ అలాగే మిగులుతుంది. దాన్ని కప్పిపుచ్చడానికి గట్టిగా నునుపు పూస్తుంది. వెనక గోడ మీది పెచ్చులు కూడా స్పష్టంగా కనపడుతూ, ముందున్న మనిషి బుగ్గ మాత్రం బొమ్మ బుగ్గలా ఎందుకుంటుందో ఇప్పుడర్థమవుతుంది. మన ముదురు రంగు చర్మం వెలుగుని తక్కువగా వెనక్కి పంపుతుంది. అందువల్ల అదే దీపం కింద మన ముఖాల మీద నాయిస్ పాలు ఎక్కువ. పూత కూడా ఆ మేరకు మందంగానే పడుతుంది.

ఇది మొదటి దెబ్బ. రెండోది హెచ్‌డీఆర్‌ది. వెలుగున్న చెంపనీ నీడలో ఉన్న చెంపనీ దాదాపు ఒకే స్థాయికి తెచ్చేస్తుంది. ముఖానికి గుండ్రదనం ఇచ్చేది నీడే, అది పోతే ముఖం పలకలా చదునవుతుంది. మూడోది షార్పెనింగ్. నునుపు చేసిన ముఖం మరీ మసగ్గా ఉందని ఫోన్‌కి తోస్తుంది. అంచు కనిపించిన ప్రతిచోటా నల్లటి వైపు ఇంకా నలుపు, తెల్లటి వైపు ఇంకా తెలుపు చేస్తుంది. దవడ అంచున తెల్లటి దారం పోగు పరిచినట్టు కనిపించేది అదే. దాన్ని హేలో అంటాం.

కాబట్టి ముఖంలో ఉన్నది ఒక జబ్బు కాదు. మైనం అంటే ఉండాల్సింది పోవడం. గరుకు అంటే లేనిది వచ్చి చేరడం. రెండూ ఒకదానికొకటి ఎదురు. నున్నగా ఉంది కదా అని మొత్తానికి షార్పెన్ చేస్తే గరుకు రెట్టింపవుతుంది, బుగ్గ మాత్రం నున్నగానే ఉంటుంది. గరుగ్గా ఉంది కదా అని మొత్తానికి బ్లర్ చేస్తే మైనం ముదురుతుంది. మరమ్మతులో చెడిపోయిన ఫోటోలు చాలావరకు ఇలాగే చెడిపోతాయి. అందుకే వరస ముఖ్యం. ముందు గరుకు తీసేయాలి, తర్వాత నీడ తేవాలి, చర్మపు పోత చివర్న వేయాలి.

ఒక ఫోటో తీసుకుని మొత్తం చూద్దాం. ఒకావిడ తన తండ్రి ఫోటో తెచ్చారు. రాత్రి పెళ్ళిలో ఛాతీ వరకు తీసింది. కంప్యూటర్లో చూపించగానే ఆవిడ అన్న మాట ఇది.

"తమ్ముడూ, ఇది మా నాన్న మొకమేనా? బుగ్గలు సూడు, బొమ్మలాగున్నాయి. మీసమేమో గీసినట్టున్నాది."

"ఫోన్ చేసిన పని అక్కా ఇది. తీసిన ఫోన్ ఎక్కడుంది?"

"మా మేనల్లుడిది. అది పోయి కొత్తది కొన్నాడు. వాట్సాప్‌లో పంపిందే ఇది."

ఆ ప్రశ్న ఊరికే అడిగింది కాదు. తీసిన ఫోన్లో ఆ ఫోటో 3000 పిక్సెళ్ళ వెడల్పు, 4000 ఎత్తు ఉండి ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే 1200 వెడల్పు, 1600 ఎత్తుకి దిగింది. అసలు ఫైలు దొరికితే సగం మరమ్మతు అయినట్టే. దాన్ని డాక్యుమెంటుగా పంపమంటే తగ్గకుండా వస్తుంది. ఇక్కడ అది దొరకలేదు. అప్పుడు అడగాల్సింది రెండో ప్రశ్న: "పగలు తీసిన నాన్నగారి ఫోటో ఇంకేదైనా ఉందా?" ఉంది. ఏడాది ముందు ఇంట్లో జరిగిన శుభకార్యంలో కెమెరా ఆయన పందిరి నీడలో తీసింది. అందులో పెద్దాయన నవ్వలేదు, అందుకని అది ఇంట్లోవాళ్ళకి నచ్చలేదు. ఫ్రేముకి పనికిరాకపోయినా మరమ్మతుకి అది బంగారం.

పని మొదలెట్టే ముందు ఒక చిన్న లెక్క వేయాలి. రాత్రి ఫోటోలో ఒక కనుపాప మధ్య నుంచి రెండో కనుపాప మధ్యకి 160 పిక్సెళ్ళున్నాయి. పెద్దవాళ్ళకి ఈ దూరం సుమారు 62 మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే మిల్లీమీటరుకి రెండున్నర పిక్సెళ్ళు. చర్మ రంధ్రం మామూలుగా మిల్లీమీటరులో చిన్న వంతే, అంటే ఒక పిక్సెల్ లోపే. ఎంత మంచి కెమెరాతో తీసినా ఈ సైజులో రంధ్రాలు కనిపించేవి కావన్నమాట. పోయింది రంధ్రాలు కాదు. ఒకటి రెండు మిల్లీమీటర్లుండే సన్నటి ముడతలు, రంగులో చిన్న చిన్న హెచ్చుతగ్గులు, మచ్చలు, నెరిసిన గడ్డపు పొడలు పోయాయి. మనం తేవాల్సింది అంతవరకే. ఈ లెక్క వేయనివాళ్ళు రంధ్రాలు తెద్దామని నాయిస్ గుప్పిస్తారు, ముఖం ఇసక చల్లినట్టు తయారవుతుంది.

ఇక పని. నేను డబ్బు పెట్టి కొనక్కర్లేని జింప్ సాఫ్ట్‌వేర్‌తో చెబుతాను. ఫోటోషాప్ ఉన్నవాళ్ళు అందులోనూ ఇదే చేయొచ్చు. ముందుగా ఇమేజ్ మెనూలో ప్రెసిషన్‌ని 16 బిట్‌కి మార్చుకోండి. లేకపోతే నీడలు దిద్దేటప్పుడు నుదుటి మీద చారలు పడతాయి.

మొదటి మెట్టు గరుకు తీయడం. ఫోటో లేయర్‌కి నకలు తీసి, దానికి ఒకటిన్నర పిక్సెల్ Gaussian Blur ఇవ్వండి. ఆ లేయర్ మోడ్‌ని Darken only చేయండి. దీని కిటుకేమిటంటే, మసకబారిన నకలు కింది ఫోటో కన్నా నల్లగా ఉన్నచోట మాత్రమే పనిచేస్తుంది. అంటే దవడ పక్కన లేచిన ఆ తెల్లటి పోగు చుట్టుపక్కల రంగులోకి అణుగుతుంది, నల్లటి గీతలు చెక్కు చెదరవు. అయితే కంట్లోని వెలుగు చుక్క, నెరిసిన వెంట్రుక కూడా తెల్లగా, సన్నగా ఉండేవే. అవీ అణిగిపోతాయి. అందుకే లేయర్‌కి నల్లటి మాస్క్ వేసి, హేలో ఉన్నచోటే తెల్ల బ్రష్‌తో తెరవాలి. దవడ అంచు, చెవి అంచు, కళ్ళజోడు ఫ్రేము చుట్టూ, చొక్కా కాలరు. అంతే.

నల్లటి గీతలకి ఇదే పని తిరగేసి చేయాలి. ఇంకో నకలు, అదే బ్లర్, మోడ్ మాత్రం Lighten only. నుదుటి ముడతలు, ముక్కు పక్కనుంచి నోటి దాకా దిగే గీత, మీసం మొదలు, వీటి మీద 40, 50 శాతం ఒపాసిటీకి మించి వద్దు. ముడత పోకూడదు, దానికి ఫోన్ ఎక్కించిన నలుపు పోవాలి. బ్లర్ ఎంతివ్వాలన్నది హేలో మందాన్ని బట్టి ఉంటుంది. ఫోటోని నూరు శాతంలో పెట్టి ఆ తెల్ల పోగు ఎన్ని పిక్సెళ్ళుందో చూసి, దగ్గర దగ్గర అంతే ఇవ్వాలి. వాట్సాప్ ఫోటోలో ఒకటి రెండు ఉంటుంది, అసలు ఫైల్లో ఇంకాస్త ఎక్కువ ఉండొచ్చు.

ఈ మెట్టు అయ్యేసరికి ముఖం ముందుకన్నా మెత్తగా కనిపిస్తుంది. కంగారు పడి షార్పెన్ చేయకండి. ఇప్పుడు దాన్ని పెద్దది చేయాలి. పది అంగుళాల ఎత్తు, ఎనిమిది అంగుళాల వెడల్పు ప్రింటుకి అంగుళానికి 300 పిక్సెళ్ళ చొప్పున 2400, 3000 కావాలి. మన ఫోటోని 1200, 1500కి కత్తిరించి రెట్టింపు చేస్తే సరిగ్గా సరిపోతుంది. జింప్‌లో సైజు పెంచే చోట ఇంటర్‌పొలేషన్ అని అడుగుతుంది. అందులో NoHalo ఎంచుకోండి. పెంచేటప్పుడు అంచుల్లో కొత్త హేలో పుట్టకుండా ఉండటానికే అది ఉంది.

రెండో మెట్టు నీడ. పైన ఒక కొత్త లేయర్ పెట్టి, 808080 అనే నడిమి బూడిద రంగు నింపి, మోడ్‌ని Soft light చేయండి. ఇప్పటికి ఏ మార్పూ కనిపించదు. పెద్ద మెత్తని బ్రష్ తీసుకుని, ఒపాసిటీ అయిదారు శాతంలో పెట్టి, నలుపుతో నీడ ఉండాల్సిన చోట తోమాలి. దీపం ఎటువైపు ఉందో ఎలా తెలుస్తుంది? కళ్ళలోని వెలుగు చుక్క చెబుతుంది, మెడ మీద పడిన గడ్డం నీడ చెబుతుంది. ఈ ఫోటోలో దీపం ఎడమ పైన ఉంది. కాబట్టి కుడి చెంప పక్క, దవడ కింద, ముక్కుకి కుడివైపు కొద్దిగా నలుపు, ఎడమ చెంప ఎముక మీద ఇంకా కొద్దిగా తెలుపు. నాలుగైదు తోములకి ముఖం మళ్ళీ గుండ్రదనం పట్టుకుంటుంది.

రంగు కూడా ఇక్కడే చూసుకోవాలి. నీడల్ని బలవంతంగా వెలుగులోకి లాగినప్పుడు వాటిలో పచ్చదనమో బూడిద రంగో మిగులుతుంది. కలర్ పికర్‌తో చెంప మీద నొక్కి అంకెలు చూడండి. మన చామనచాయ చర్మంలో ఎరుపు అంకె ఎక్కువ, ఆకుపచ్చ దానికన్నా బాగా తక్కువ, నీలం ఇంకా తక్కువ ఉండాలి. 150, 105, 80 లాగా. ఎరుపు, ఆకుపచ్చ దగ్గర దగ్గరగా వచ్చేశాయంటే చర్మం జీవం లేనట్టు కనిపిస్తుంది. ఆ నీడల్లోకి కొంచెం ఎరుపు కలపాలి. మొత్తం ముఖానికి మాత్రం కలపకూడదు.

మూడో మెట్టు చర్మం. ఇప్పుడు ఆ పగటి ఫోటో తెరవండి. అందులో రెండు కనుపాపల మధ్య 400 పిక్సెళ్ళున్నాయి. మన ఫోటో రెట్టింపయ్యాక 320. కాబట్టి పగటి ఫోటోని 80 శాతానికి తగ్గించాలి. ఈ కొలత తప్పితే పెద్దాయన బుగ్గ మీద పెద్ద పెద్ద గరుకులు తేలతాయి, అది మనిషి తోలులా ఉండదు. తగ్గించాక నలుపు తెలుపుకి మార్చి, Filters మెనూలో Enhance కింద ఉన్న Wavelet-decompose నడపండి. అది ఫోటోని పొరలుగా విడదీస్తుంది. మొదటి పొరలో అతి సన్నటి రవ్వ, రెండు, మూడు పొరల్లో సన్నటి ముడతలు, మచ్చలు, ఇంకా పై పొరల్లో పెద్ద నీడలు ఉంటాయి. మనకి కావాల్సినవి రెండు, మూడు పొరలే. వాటిని రాత్రి ఫోటో మీదికి తెచ్చి, మోడ్ Grain merge లోనే ఉంచి, నుదురు నుదుటి మీద, బుగ్గ బుగ్గ మీద పడేలా జరిపి, నల్ల మాస్క్ వేసి, మైనం ఉన్నచోటే తెరవండి. ఒపాసిటీ సగం చాలు.

ఆయన చర్మం ఆయన ముఖం మీదికే వస్తోంది కాబట్టి ఇది అరువు తెచ్చుకున్న చర్మం కాదు. కానీ జాగ్రత్తలున్నాయి. పగటి ఫోటోలో వెలుగు కుడినుంచి వస్తుంటే ముడతల్లోని నీడలు తిరగబడతాయి. తిప్పి అతికించుకుందామనుకుంటే కుడి బుగ్గ మీది పుట్టుమచ్చ ఎడమ బుగ్గకి పోతుంది. అలాంటప్పుడు నుదురు వరకు వాడుకుని ఆపేయడమే మేలు. కళ్ళు, పెదవులు, మీసం జోలికి అసలు పోకూడదు. నవ్వుతున్న ముఖానికీ నవ్వని ముఖానికీ అక్కడి గీతలు వేరు. నైట్ మోడ్ తుడిచేసిన పుట్టుమచ్చని మాత్రం పగటి ఫోటోలో ఉన్నచోటే తిరిగి పెట్టాలి. ఇంట్లోవాళ్ళు మనిషిని పోల్చుకునేది అలాంటివాటితోనే.

పగటి ఫోటో లేకపోతే? అప్పుడు చర్మం తేలేం. సన్నటి రవ్వ వేసి మైనపు మెరుపుని విరవడం వరకే చేయగలం. ఉన్నా లేకపోయినా ఆఖర్న ఆ రవ్వ వేయాల్సిందే. మళ్ళీ నడిమి బూడిద లేయర్, Soft light మోడ్. దాని మీద RGB Noise ఇచ్చి, మూడు రంగులకీ వేర్వేరుగా వేసే టిక్కు గుర్తు తీసేయండి. లేకపోతే ఎరుపు, పచ్చ చుక్కలు పడతాయి. తర్వాత ఒక పిక్సెల్‌కి కాస్త తక్కువ బ్లర్ ఇస్తే రవ్వ మెత్తబడుతుంది. దీన్ని ముఖానికే కాకుండా ఫోటో మొత్తానికీ వేయాలి. ముఖం మీద మాత్రమే వేస్తే ముఖం కత్తిరించి అంటించినట్టుంటుంది. సైజు పెంచకముందు వేస్తే రవ్వ కూడా రెట్టింపు లావవుతుంది, అందుకే ఇది చివరి పని. ఎంత వేశారో తెర మీద స్పష్టంగా కనిపిస్తోందంటే ఎక్కువైనట్టే. లేయర్ ఆపి, మళ్ళీ పెట్టి చూస్తే తేడా తెలియాలి. ఊరికే చూస్తే తెలియకూడదు.

ఆవిడ అడిగింది హాల్లో పెట్టుకోవడానికి ఇరవై అంగుళాల ఎత్తు ఫోటో. ఆ సైజుకి రెట్టింపు చేయకముందున్న ఫైలు నుంచి అంగుళానికి 75 పిక్సెళ్ళే వస్తాయి. పెంచి నింపొచ్చు గానీ, మిగిలిన మైనమూ మిగిలిన గరుకూ దాంతోపాటే పెరుగుతాయి. పది అంగుళాల ప్రింటుని అలాగే ఉంచి, చుట్టూ వెడల్పాటి తెల్ల మౌంటు పెట్టి పెద్ద ఫ్రేము కడితే గోడ మీద నిండుగానే ఉంటుంది. ప్రింటుకి పంపేటప్పుడు ల్యాబ్ వాళ్ళకి కరెక్షన్ వద్దని చెప్పాలి. చాలా ల్యాబుల్లో మెషీనే తనంతట తాను షార్పెన్ చేసి, కాంట్రాస్ట్ పెంచేస్తుంది, మనం తీసిన హేలో మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. ముందు ముఖం వరకు ఒక చిన్న నమూనా ప్రింటు తీయించి, చేయి చాచినంత దూరంలో పెట్టి చూడండి. ఇంట్లోవాళ్ళకి కూడా ఆ ప్రింటే చూపించాలి. ఫోన్‌లో ఫోటో పంపి అభిప్రాయం అడిగితే, ఆ చిన్న తెర మీద మైనం కూడా అందంగానే ఉంటుంది.

ఈ మొత్తం పనిలో నిజంగా చర్మాన్ని ఇచ్చింది ఆ పగటి ఫోటో ఒక్కటే. మిగతాదంతా ఫోన్ చేసిన చెరుపుని తగ్గించడమే. కాబట్టి మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళుంటే, ఒక పొద్దున్న ఎండ తగలని అరుగు మీద కూర్చోబెట్టి, ముందు కెమెరాతో కాకుండా వెనక కెమెరాతో, మూడడుగుల దూరం నుంచి ఒక ఫోటో తీయండి. బ్యూటీ మోడ్ ఆపండి. హెచ్‌డీఆర్ ఆపే వీలుంటే అదీ ఆపండి. వేళ్ళతో జూమ్ చేయకండి. ఎదురుగా ఒకటి, కుడికి కొద్దిగా తిరిగి ఒకటి, ఎడమకి ఒకటి, మూడు చాలు. వాటిని వాట్సాప్‌లో పంపి మర్చిపోకుండా, అసలు ఫైళ్ళు కంప్యూటర్లోనో పెన్‌డ్రైవ్‌లోనో దాచుకోండి. రాత్రి పందిట్లో వాళ్ళు నవ్వుతూ దొరికిన ఫోటోని ఎప్పుడైనా పెద్దది చేయాల్సి వస్తే, స్టూడియో ఆయనకి ఆ ఫోటోతోపాటు ఈ మూడూ ఇవ్వండి.